గడువు ఏ తేదీ నుంచి?

హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ శని, ఆదివారాల్లో ఎంటెక్ చదివే ఒక అమ్మాయిని ఊహించుకుందాం. నాలుగు సెమిస్టర్లు, సెమిస్టర్‌కు 60 వేలు. ముందు తనే కట్టాలి, ఫలితాలొచ్చాక కంపెనీ తిరిగి ఇస్తుంది. మొత్తం 2 లక్షల 40 వేలు. ‘డబ్బు అందాక రెండేళ్లు పనిచేయాలి, లేదంటే తిరిగి కట్టాలి’ అన్న షరతుకు సంతకం పెట్టింది. చివరి సెమిస్టర్ డబ్బు చేతికొచ్చిన ఏడాదికి మానేసింది. ఎంత కట్టాలి?

పత్రంలో ఆ షరతు రాసిన తీరును బట్టి ఉంటుంది. ఒక్క రోజు తగ్గినా మొత్తం కట్టాలని ఉంటే 2 లక్షల 40 వేలూ పోతాయి. చివరి చెల్లింపు నుంచి రెండేళ్లు లెక్కేసి, పనిచేసిన నెలలకు తగ్గిస్తామంటే సగం, అంటే లక్షా 20 వేలు. ప్రతి చెల్లింపుకూ విడిగా గడువు నడిస్తే మొదటి రెండు సెమిస్టర్ల బాకీ అప్పటికే తీరిపోయింది. మూడో దానికి ఆరు నెలలు మిగిలాయి కాబట్టి 15 వేలు, నాలుగో దానికి 30 వేలు. మొత్తం 45 వేలే. సంతకం పెట్టే రోజున మాత్రం అందరూ ఫీజు అంకెనే చూస్తారు.

అర్హత షరతులు మామూలువే: ఏడాది సర్వీసు, పనికి సంబంధించిన కోర్సు. చిక్కంతా ముందస్తు అనుమతి దగ్గర వస్తుంది. ఫీజు రసీదు తేదీ అనుమతి మెయిల్ కంటే ముందుంటే చాలు, క్లెయిమ్ వెనక్కి వచ్చేస్తుంది. గ్రేడు షరతులో అడగాల్సింది వేరు. ‘బి’ వస్తే పూర్తిగా, ‘సి’ వస్తే సగం అన్నప్పుడు ఆ లెక్క ఒక్కో సబ్జెక్టుకా, సెమిస్టర్ సగటుకా? ఒక్క పేపరు పోతే ఆ పేపరు ఫీజే ఆగుతుందా, సెమిస్టర్ మొత్తమా?

ఇలాంటి బాండ్లు చెల్లవన్న ధీమా కొందరికి ఉంది. 2025 మేలో విజయా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు, మూడేళ్లలోపు మానేస్తే 2 లక్షలు కట్టాలన్న షరతును సమర్థించింది. అది ఫీజుల కేసు కాదు, ప్రభుత్వరంగ బ్యాంకు నియామక ఖర్చుల కేసు. అయినా ఆ ధీమాకు దెబ్బే. మరోవైపు కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం, పత్రంలో రాసిన మొత్తం పరిమితి మాత్రమే. దాని లోపల సమంజసమైన పరిహారమే దక్కుతుంది. మొత్తం కట్టమనే షరతుపై బేరమాడటానికి పట్టు అక్కడ దొరుకుతుంది.

ఇక కంపెనీయే తీసేస్తే? కాలిఫోర్నియాలో 2026 జనవరి 1 నుంచి కుదిరే ఒప్పందాల్లో, ఇలాంటి ఫీజు వసూలుకు పనిచేసిన కాలాన్ని బట్టి తగ్గింపు తప్పనిసరి. దుష్ప్రవర్తన వల్ల తీసేస్తే తప్ప, తొలగించిన ఉద్యోగి నుంచి వసూలు చేయకూడదు. మన దగ్గర అలాంటి ప్రత్యేక చట్టం లేదు. పత్రంలో ‘రాజీనామా చేస్తే’ అని ఉందా, ‘ఏ కారణంతో ఉద్యోగం ముగిసినా’ అని ఉందా అన్నది చూసుకోవాల్సింది సంతకం పెట్టే మనిషే.