కడప ఇల్లు అమ్మి ఊళ్లో ఇల్లు కడితే...

వేముల మండలం తుమ్మలపల్లె అంటే యురేనియం గని గుర్తొస్తుంది. పన్ను సంగతికొస్తే, పట్టణానికి దూరంగా ఉన్న ఇలాంటి పల్లెల్లో సాగుభూమి అమ్మితే లాభంపై పన్ను ఉండదు. ఇల్లు అమ్మితే మాత్రం లెక్క తప్పదు.

ఈ ఊరి నుంచి వెళ్లి కడపలో స్థిరపడిన ఓ విశ్రాంత ఉపాధ్యాయుడు 2005-06లో రూ.8 లక్షలకు కొన్న ఇంటిని 2025 ఆగస్టులో రూ.60 లక్షలకు అమ్మారనుకుందాం. లాభం రూ.52 లక్షలు. సొంతూళ్లో రూ.20 లక్షలతో ఇల్లు కట్టుకుంటారు. 2026 ఫిబ్రవరిలోగా, అంటే అమ్మిన ఆరు నెలల్లో, ఆర్‌ఈసీ బాండ్లలో రూ.10 లక్షలు పెట్టారు. ఈ బాండ్లలో గరిష్ఠంగా రూ.50 లక్షలు పెట్టొచ్చు. అయిదేళ్లు కదపకూడదు. వాటి వడ్డీపై పన్ను మామూలే.

ఇప్పుడు మిగులు రూ.22 లక్షలు. దానిపై 12.5 శాతం చొప్పున పన్ను రూ.2.75 లక్షలు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. 2024 జులై 23కు ముందు కొన్న ఇల్లు కాబట్టి, పాత పద్ధతిలోనూ లెక్కేసి, ఏది తక్కువైతే అది కట్టొచ్చు. ద్రవ్యోల్బణ సూచీ కొన్న ఏడాది 117, అమ్మిన ఏడాది 376. ఆ నిష్పత్తిలో రూ.8 లక్షలు దాదాపు రూ.25.71 లక్షలవుతాయి. లాభం రూ.34.29 లక్షలకు తగ్గుతుంది. అందులో ఇల్లు, బాండ్ల రూ.30 లక్షలు తీసేస్తే మిగిలేది రూ.4.29 లక్షలే. దానిపై 20 శాతం అంటే సుమారు రూ.86 వేలు, పైన 4 శాతం సెస్సు. బాండ్లు ఇంకో నాలుగున్నర లక్షలకు కొని ఉంటే అదీ ఉండేది కాదు.

అసలు చిక్కు ఇల్లు కట్టడంలో వస్తుంది. అమ్మిన తేదీ నుంచి మూడేళ్లు గడువుంది కదా అని తీరిగ్గా ఉంటారు. కానీ రిటర్ను గడువైన 2026 జులై 31 నాటికి ఖర్చయింది రూ.5 లక్షలే అయితే, మిగతా రూ.15 లక్షలను ఆలోగా మూలధన లాభాల ఖాతాలో వేయాలి. మామూలు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంచితే మినహాయింపు ఆ అయిదు లక్షలకే దక్కుతుంది. పాత పద్ధతిలో లెక్కేసినా పన్ను రూ.3.86 లక్షలకు చేరుతుంది. పల్లె శాఖల్లో ఈ ఖాతా తెరవరు. ఊళ్లో బ్యాంకు ఉన్నా పులివెందులకో, కడపకో వెళ్లాల్సిందే. ఖాతాలోని సొమ్ము మూడేళ్లలో ఇంటికి వాడకపోతే, మిగిలిందానికి గడువు ముగిసిన ఏడాదిలో పన్ను పడుతుంది.

అమ్మింది ఇల్లు కాక ఖాళీ స్థలమైతే పూర్తి మినహాయింపునకు లాభం పెడితే చాలదు. ఖర్చులు పోను చేతికొచ్చిన మొత్తాన్నీ కొత్త ఇంటిపై పెట్టాలి. సగమే పెడితే మినహాయింపు లాభంలో సగానికే.