అనుమానానికో స్లైడు

ల్యాబ్ రిపోర్టు డ్రాఫ్టు పద్నాలుగు పేజీలుంది. గ్రూప్ మీటింగులో మాట్లాడటానికి దొరికేది పది నిమిషాలు. అలాంటప్పుడు చాలామంది పరిశోధక విద్యార్థులు రిపోర్టు వరుసనే పట్టుకుని పేజీకి నాలుగు వాక్యాల చొప్పున స్లైడ్లలోకి ఎక్కిస్తారు. తెర మీద వాక్యాలుంటే వినేవాళ్లు చదవడం మొదలుపెడతారు, చదువుతున్నంతసేపూ చెప్పేది చెవికెక్కదు. నేపథ్యం ముగిసి ఫలితం దగ్గరకు వచ్చేసరికి టైమైపోతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. నల్లగొండ జిల్లా బోరునీళ్లలోని ఫ్లోరైడ్‌ను యాక్టివేటెడ్ అల్యూమినాతో తీసే ప్రయోగం అనుకోండి. లీటరుకు 5 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న నీళ్లు 100 మిల్లీలీటర్లు, అందులో 0.2 గ్రాముల అల్యూమినా. ల్యాబులో ఫ్లోరైడ్ కలిపి, ఆమ్లంతో పీహెచ్ 5కి తెచ్చిన నీటిలో చివరికి మిగిలింది లీటరుకు 1.0 మిల్లీగ్రాము. అదే మోతాదు ఫ్లోరైడ్ ఉన్న బోరునీటిలో మిగిలింది 2.2. డ్రాఫ్టులో ఇది ‘80 శాతం, 56 శాతం తొలగింపు’ అని ఉంటుంది. స్లైడు మీద శాతాలు వద్దు. యాభై ఆరు అనగానే సగానికి పైగా పోయిందన్న తృప్తి కలుగుతుంది. కానీ తాగేవాడికి కావాల్సింది గ్లాసులో ఎంత మిగిలిందన్న లెక్క. మన దేశ తాగునీటి ప్రమాణం 1.0. వేరే నీటి వనరు లేని చోట 1.5 వరకు అనుమతిస్తారు. అందుకే పెద్ద పట్టికను వదిలేసి ఒకే గ్రాఫు గీయాలి. అందులో కాలంతో పాటు దిగే రెండు గీతలు, 1.5 దగ్గర అడ్డంగా ఒక చుక్కల గీత ఉంటే చాలు. ఒకటి ఆ గీత కిందకు దిగింది, రెండోది పైనే ఆగింది. ‘ఫలితాలు’ అనే శీర్షిక బదులు ‘బోరునీటిలో ఫ్లోరైడ్ పరిమితి కిందకు రాలేదు’ అని పూర్తి వాక్యం పెడితే ఆ స్లైడు పని సగం అయిపోయినట్టే. రిపోర్టులోని బొమ్మను అలాగే అతికిస్తే అక్షరాలు వెనక వరుసకు కనపడవు. కొత్తగా గీసి, గీతల పేర్లు గీతల పక్కనే రాయాలి.

కారణానికి ఒక స్లైడు చాలు. నల్లగొండ ప్రాంతపు బోరునీళ్లలో బైకార్బొనేట్ ఎక్కువ. అది నీటిని క్షారం వైపు ఉంచుతుంది, అల్యూమినా ఉపరితలం మీది ధనావేశం తగ్గి, ఫ్లోరైడ్‌ను పట్టే శక్తీ తగ్గుతుంది.

నా దృష్టిలో అసలు పట్టు వేరే చోట ఉంది. డ్రాఫ్టులో ‘పద్ధతులు’ భాగంలో ఒక వాక్యం నలిగిపోయి ఉంటుంది: ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్‌తో కొలిచాం, టిసాబ్ బఫర్ కలిపాం. ఈ ఎలక్ట్రోడ్ నీటిలో స్వేచ్ఛగా ఉన్న ఫ్లోరైడ్‌నే చూస్తుంది. ఆమ్ల నీటిలో అల్యూమినా కొంత కరుగుతుంది, కరిగిన అల్యూమినియం ఫ్లోరైడ్‌ను గట్టిగా పట్టుకుంటుంది. ఆ ఫ్లోరైడ్ నీటిలోనే ఉన్నా రీడింగులో కనపడదు. బఫర్‌లోని సి.డి.టి.ఎ. అల్యూమినియాన్ని తాను పట్టి ఫ్లోరైడ్‌ను విడిపించాలి. దానికి సరిపడా మోతాదు, కొంత సమయం కావాలి. అంటే అనుమానం పడాల్సింది బాగా వచ్చిన 1.0 అనే అంకె మీదే! అదే నమూనాలో బఫర్ పాళ్లు పెంచి, కాసేపు ఉంచి మళ్లీ కొలవాలి, ఆ పలుచదనాన్ని లెక్కలో సరిచూసుకోవాలి. రీడింగు పెరిగితే మొదటి కొలత ఫ్లోరైడ్‌ను తక్కువ చూపిందన్నమాట. రిపోర్టులో ఒక వాక్యమైన ఈ సంగతికి మీటింగులో పూర్తి స్లైడు ఇవ్వాలి. గైడ్, సీనియర్లు కూర్చునేది ఇలాంటివి పట్టుకోవడానికే.

ఏం వదలాలన్నదీ ఇక్కడే తేలుతుంది. గ్రూపులో అందరికీ తెలిసిన ఫ్లోరోసిస్ నేపథ్యం ఒక్క మాటతో సరి. సూడో సెకండ్ ఆర్డర్ గ్రాఫు, దాని పక్కన 0.99 అనే అంకె చాలా డ్రాఫ్టుల్లో గర్వంగా నిలబడతాయి. ఆ గీతలో కాలం రెండు అక్షాల మీదా ఉంటుంది కాబట్టి ఎలాంటి ప్రయోగానికైనా దాదాపు సరళరేఖే వస్తుంది. దాన్ని, కాలిబ్రేషన్ గీతను, ముడి పట్టికను చివరన అదనపు స్లైడ్లుగా దాచుకుని, అడిగితే తీయాలి.

ఇలా లెక్క వేస్తే ప్రశ్న, గ్రాఫు, కారణం, అనుమానం, తర్వాతి పని, మొత్తం ఐదు స్లైడ్లు. శీర్షికలు మాత్రమే వరుసగా చదివి చూసుకోవాలి. కథ అర్థమైతే సరే, ఎక్కడ తెగితే అక్కడ స్లైడు తప్పు. ఆఖరి స్లైడు మీద ధన్యవాదాల బదులు గ్రూపును అడగాల్సిన ప్రశ్నే ఉండాలి: బోరునీటి పీహెచ్ తగ్గించి చూడాలా, అల్యూమినా మోతాదు పెంచాలా? వచ్చిన జవాబులను, ఎవరు ఏ అంకెను అనుమానించారో అప్పటికప్పుడు రాసుకుంటే, డ్రాఫ్టులోని చర్చా భాగం ఆ సాయంత్రమే తిరగరాయొచ్చు.