సైటు మూసేయండి, పేరు వదలకండి

బరంపురంలోని ఒక తెలుగు సంఘం పదేళ్ల కిందట వేసిన సావనీరు ఈ వారం నా చేతికొచ్చింది. వెనక అట్ట మీద సంఘం వెబ్‌సైటు చిరునామా పెద్దక్షరాల్లో ఉంది. కొట్టి చూస్తే క్రికెట్ పందేల పేజీ తెరుచుకుంది. పైన సంఘం పేరు చెక్కుచెదరకుండా ఉంది, కింద డబ్బు వేయమనే బొత్తాలు. పాత కార్యదర్శిగారికి ఫోన్ చేశాను. "సభ్యులు తగ్గిపోయారండి. డబ్బు కట్టడం మానేశాం. సైటు దానంతటదే పోతుందనుకున్నాం" అన్నారు.

దానంతటదే పోదు. పోవాల్సినవి ఉండిపోతాయి, ఉండాల్సినవి పోతాయి. ఆ సైటులో గంజాం తెలుగువాళ్ల జ్ఞాపకాలు పెద్దలు రాసినవి ఉండేవి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి, మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి గంజాం అటు వెళ్లినప్పుడు అక్కడి తెలుగు కుటుంబాల్లో ఏం జరిగిందో, వి.వి.గిరి, ఉప్పల లక్ష్మణరావు పుట్టిన బరంపురంలో తెలుగు బడులు ఎలా నడిచాయో రాసినవారిలో ఇప్పుడు చాలామంది లేరు. ఆంధ్రలో ఉన్నవారు ఇవి మనవి కావనుకుంటారు, ఒడిశాలో వీటిని చదవగలిగేవారు తక్కువ. ఎవరో ఒకరు దాచి ఉంటారులే అనుకోవడానికి ఇక్కడ ఆ ఎవరో ఒకరు లేరు.

అసలు పొరపాటు ఎక్కడ జరిగిందో చూడండి. సైటుకు రెండు వేర్వేరు చెల్లింపులుంటాయి. పేజీలు, ఫొటోలు ఉంచే చోటుకు కట్టేది హోస్టింగ్. చిరునామాకు కట్టేది డొమైన్. సంఘంవారు ఒకేసారి రెండూ మానేశారు. హోస్టింగ్ గడువు తీరాక కంపెనీ కొన్నాళ్లు చూసి ఫైళ్లు చెరిపేసింది. ఇక డొమైన్. .com, .org పేర్లకు గడువు తీరాక రిజిస్ట్రార్లు సాధారణంగా కొన్ని వారాల వెసులుబాటు ఇస్తారు, మామూలు రుసుముతో తిరిగి తీసుకోవచ్చు. ఆ తర్వాత 30 రోజులు redemptionPeriod అనే దశ. అప్పుడూ పేరు దక్కుతుంది గాని, రుసుము అనేక రెట్లు. ఆ పైన pendingDelete, 5 రోజులు. ఈ అయిదు రోజుల్లో ఎవరూ ఏమీ చేయలేరు. ఆరో రోజు ఆ పేరు ఎవరిదైనా కావచ్చు. పాత పేర్ల కోసం కాచుకుని, విడుదలైన క్షణాన పట్టుకునే వ్యాపారాలున్నాయి. పదేళ్ల పాటు నలుగురూ లింకులిచ్చిన పేరుకు గూగుల్‌లో విలువ ఉంటుంది, పందేలవాళ్లకు కావలసింది అదే.

హెచ్చరికలు రాలేదా? వచ్చాయి. కార్యదర్శి పేరుతో సంఘం డొమైన్ మీదే తెరిచిన ఈమెయిలుకు వచ్చాయి. హోస్టింగ్ ఆగినరోజే ఆ పెట్టె కూడా మూతపడింది. నన్ను ఎక్కువ భయపెట్టేది ఇదే. ఆ డొమైన్ ఇప్పుడు కొన్నవాడు అదే పేరుతో ఈమెయిలు మళ్లీ తెరవగలడు. సంఘం ఫేస్‌బుక్ పేజీ ఆ ఈమెయిలుతోనే తెరిచి ఉంటే, పాస్‌వర్డ్ మరిచిపోయాను అని ఒక్క నొక్కు నొక్కితే చాలు, కొత్త పాస్‌వర్డ్ అతని చేతికే పోతుంది. అందుకే డొమైన్‌ను తాకకముందే ఆ చిరునామా ఎక్కడెక్కడ ఇచ్చారో వెతికి, అన్నిచోట్లా మరో ఈమెయిలు పెట్టాలి.

మూసేయడం తప్పు కాదు. నెలనెలా హోస్టింగ్‌కు డబ్బు పోయడం కంటే మూసేయడమే మేలు. కాని పని వరసగా జరగాలి. ముందు సరుకు దింపుకోవాలి. వర్డ్‌ప్రెస్ సైటయితే దాని ఎక్స్‌పోర్ట్ ఫైలు ఒక్కటి తీసుకుని తృప్తిపడేవారు ఎక్కువ. అందులో రాతలుంటాయి గాని ఫొటోలుండవు. అవి wp-content/uploads లో ఉంటాయి, ఆ ఫోల్డరు విడిగా దింపాలి. డేటాబేసు కూడా విడిగా దింపాలి.

తెలుగు సైటుకు ఇంకో గండం ఉంది. దింపిన డేటాబేసు ఫైలును మామూలు టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచి, అందులో ఉండి తీరాల్సిన ఒక తెలుగు మాట వెతకండి. తెలుగు తెలుగుగా కనిపిస్తే సరే. à° à± అంటూ వరసగా పిచ్చి గుర్తులు కనిపిస్తే కంగారు పడకండి. అది తెలుగే, అక్షరాల సంకేతాన్ని latin1 గా చదవడం వల్ల అలా కనిపిస్తోంది. తెలిసినవారు చాలావరకు వెనక్కి తేగలరు. కాని వరసగా ప్రశ్నార్థకాలు ???? కనిపిస్తే ఆ ఫైలులో తెలుగు చచ్చిపోయినట్టే, ఎవరూ బతికించలేరు. సైటు ఇంకా నడుస్తున్నప్పుడే utf8mb4 అని స్పష్టంగా అడిగి మళ్లీ దింపాలి. ఈ పరీక్ష చేయకుండా హోస్టింగ్ రద్దు చేయకూడదు. దింపినదాన్ని వేరే కంప్యూటర్లో తెరిచి, పాత పేజీలు కొన్ని ఫొటోలతో సహా చూసుకున్నాకే రద్దు ఉత్తరం రాయాలి. కార్డు మీద ఆటోపే ఉంటే అదీ ఆపాలి, రద్దయిన హోస్టింగ్‌కు ఏడాది డబ్బు లాగేసిన సందర్భాలు చాలానే విన్నాను.

తర్వాత ఆ సరుకు మరోచోట అందరికీ అందేలా పెట్టాలి. ఇంటర్నెట్ ఆర్కైవ్ ఉచితం. మన పాత తెలుగు పుస్తకాలు వెతికేవారికి in.ernet.dli.2015 అని మొదలయ్యే గుర్తులు పరిచయమే. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పాత చిరునామా, dli.ernet.in, ఆ గుర్తులో తిరగబడి ఉంది. ఆ సైటు పోయింది. పుస్తకాలు మిగిలింది ఎవరో ముందే నకలు తీసి ఆర్కైవ్‌లో పెట్టారు గనక. అంత పెద్ద ప్రభుత్వ గ్రంథాలయానికే నకలు దిక్కయినప్పుడు, బరంపురం సంఘానికి వేరే దారి ఏముంది?

డొమైన్ మాత్రం ఉంచుకోవాలి. ఏడాదికి అయ్యేది సుమారు వెయ్యి, పదిహేను వందలు. ఒకేసారి పదేళ్లకు కట్టవచ్చు. దాన్ని ఒక్క పేజీకి తిప్పి, సంఘం ముగిసిందనీ పాత రచనలు ఫలానాచోట ఉన్నాయనీ రాయాలి. సావనీరు పట్టుకుని వచ్చినవాడికి అది చాలు.

ఇంతకీ సావనీరు అన్నాను గదా, ఆ సంగతీ చెప్పాలి. 1954 నాటి చట్టం ప్రకారం దేశంలో అచ్చయిన ప్రతి పుస్తకం, అచ్చయిన 30 రోజుల్లో, ప్రచురణకర్త ఖర్చుతో కలకత్తా జాతీయ గ్రంథాలయానికీ మరో మూడు గ్రంథాలయాలకూ చేరాలి. ఆ మూడింటిలో మద్రాసు కన్నెమరా ఒకటి. బరంపురంలో రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి కలకత్తా. అయినా సంఘాల సావనీర్లు సభ్యుల బీరువాల్లో చెదలకు పోతున్నాయి. దండలకూ శాలువాలకూ దొరికే డబ్బు నాలుగు కాపీల పోస్టేజీకి దొరకదు. వెబ్‌సైట్ల గురించి ఆ చట్టంలో ఒక్క మాటా లేదు గనక, వాటిని ప్రభుత్వం అడగదు.

అందుకని సంఘాలు తమకు తామే నియమం పెట్టుకోవాలి. కార్యవర్గం మారినప్పుడు రసీదు పుస్తకం, బ్యాంకు పాస్‌పుస్తకం అప్పగిస్తారు. అదే కాగితంలో మరో వరస చేర్చండి: డొమైన్ ఏ రిజిస్ట్రార్ దగ్గర ఉంది, ఎవరి పేరున ఉంది, గడువు ఏ తేదీ. సైటు కట్టిచ్చిన కుర్రాడి పేరున ఉంటే ఆ కుర్రాడు దొరుకుతుండగానే సంఘం పేరుకు మార్పించుకోండి.