మూడు రోజులు దాటిన ఆతిథ్యం

జర్మనీకి చదువు నిమిత్తం వెళ్ళిన తమ కుమారుడు స్టుట్‌గార్ట్‌లో, తుర్కీ మూలాలున్న ఒక ముస్లిం కుటుంబం ఇంట తొలి 28 రోజులు గడిపాడని, వారు అద్దె పుచ్చుకోలేదని కర్నూలు నుంచి ఒక సోదరి మాకు వ్రాశారు. గది దొరికి వెళ్ళిన అబ్బాయి వారికి కృతజ్ఞతా లేఖ ఎలా వ్రాయాలన్నది ఆమె ప్రశ్న.

ఆతిథ్యం మూడు రోజులని, ఆపై పెట్టేది సదఖా అని దైవప్రవక్త (స) తెలిపారు. ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. ఆ లెక్కన 25 రోజులు ఆ కుటుంబం చేసిన దానమే. కనుక ‘మీ మేలు మరువలేను’ అన్న ఒక్క మాటతో లేఖ ముగించరాదు. ఆ రోజుల్లో వారేమి చేశారో పేరుపెట్టి చెప్పాలి.

జర్మనీలో ఇల్లు చేరిన రెండు వారాల్లోగా చిరునామా నమోదు చేయించుకోవాలి. అందుకు ఇల్లిచ్చినవారి సంతకంతో ధ్రువపత్రం అవసరం. తపాలా పెట్టెపై పేరు లేకుంటే ఉత్తరం తిరిగి వెళ్ళిపోవచ్చు. ఈ సంగతులు తెలిసిన అబ్బాయి ఇలా వ్రాయవచ్చు:

“అస్సలాము అలైకుమ్. మీరు ధ్రువపత్రంపై సంతకం చేసి, సగంరోజు సెలవు పెట్టి నాతో కార్యాలయానికి వచ్చారు. మీ తపాలా పెట్టెపై మీ పేరు కింద నా పేరు అతికించారు. పొద్దుపోయి వచ్చిన రోజుల్లోనూ ఖాలాజాన్ నా కోసం అన్నం మూతపెట్టి ఉంచారు. కొత్త చిరునామా నమోదు చేయించుకున్నాను. పన్ను సంఖ్య తెలిపే ఉత్తరం ఇంకా మీ ఇంటికే రావచ్చు. అంతవరకు నా పేరు చీటీ తీయవద్దని మనవి. కబురు చేస్తే వచ్చి తీసుకుంటాను. జజాకుముల్లాహు ఖైరన్.”

చీటీ సంగతి చిన్నదే. అయినా దాన్ని విడిచిపెడితే, మరో నెలపాటు ఆ కుటుంబం ఎవరి ఉత్తరాలు ఎందుకు వస్తున్నాయో తెలియక ఇబ్బంది పడుతుంది.

అన్నం పెట్టేవారు ప్రతిఫలాన్నీ కృతజ్ఞతనూ కోరరని సూరా అల్-ఇన్సాన్ చెబుతుంది. కొందరు దీన్ని లేఖ వ్రాయకపోవడానికి సాకుగా చూపుతారు. అది పెట్టినవారి సంకల్పం. తిన్నవారి బాధ్యత వేరు. మనుషులకు కృతజ్ఞత తెలుపనివాడు అల్లాహ్‌కు కూడా తెలుపనట్లేనని అబూదావూద్, తిర్మిజీ హదీసు. కవరులో డబ్బు మాత్రం పెట్టరాదు. సదఖాగా ఇచ్చినదాన్ని అద్దెగా మార్చినట్లవుతుంది. దానికి బదులు దుఆ ఉంది. అబ్దుల్లాహ్ బిన్ బుస్ర్ (రజి) తండ్రి ఇంట భుజించాక, వారి ఉపాధిలో శుభాన్ని, వారికి మన్నింపును, కారుణ్యాన్ని దైవప్రవక్త (స) వేడుకున్నారు. లేఖ చివర ఆ దుఆ వ్రాయడం ఉచితం.

పాలకోవా పార్శిల్ పంపవచ్చా అని కూడా ఆ సోదరి అడిగారు. ఐరోపా సమాఖ్య దేశాలకు బయటినుంచి పాల పదార్థాలు తపాలాలో పంపరాదు. ఆమె తెలుగులో నాలుగు వాక్యాలు వ్రాసి పంపితే, కుమారుడు వాటి కింద జర్మను అనువాదం చేర్చి, తన లేఖతోపాటు అదే కవరులో పెట్టవచ్చు.