మగ్గం వదిలినా వదలని కులం

సిద్దిపేట పేరు చెప్పగానే గొల్లభామ చీర గుర్తుకొస్తుంది. ఆ చీర నేసే పద్మశాలి మగ్గం విడిచి, హైదరాబాదులో ఉద్యోగంలో చేరితే అతని వృత్తి మారుతుంది, ఆదాయం మారుతుంది. అంటే వర్గం మారుతుంది. కులం మాత్రం మారదు. రెండు వ్యవస్థల మధ్య మౌలికమైన తేడా ఇదే.

వర్గం ఆస్తితో, శ్రమతో, వేతనంతో ముడిపడినది. ఒకే జీవితకాలంలో మనిషి అందులో ఎక్కవచ్చు, దిగజారవచ్చు. కులం పుట్టుకతో వస్తుంది, స్వకుల వివాహంతో కొనసాగుతుంది. స్వకుల వివాహమే కులానికి మూలమనీ, తలుపులు మూసుకున్న వర్గమే కులమనీ అంబేడ్కర్ 1916లోనే వాదించారు. కులం పనిని మాత్రమే కాక, పనిచేసే మనుషులను కూడా మెట్లుమెట్లుగా విభజిస్తుందని 1936లో స్పష్టం చేశారు.

నగరం ఈ మెట్లను చెరిపేసిందా? సుఖదేవ్ థోరాట్, పాల్ అటెవెల్ 2007లో ప్రచురించిన పరిశోధన దీనికి సమాధానమిస్తుంది. పత్రికల్లో వెలువడిన ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు వారు సమాన అర్హతలు గల దరఖాస్తులు పంపారు. తేడా పేరులోనే. ఒక పేరు పై కులాన్ని, మరొకటి దళిత కులాన్ని, ఇంకొకటి ముస్లిం మతాన్ని సూచిస్తుంది. పై కులం పేరుకు పిలుపు వచ్చే అవకాశంతో పోలిస్తే దళిత పేరుకు అది దాదాపు మూడింట రెండు వంతులే. చదువు ఒకటే కనుక దీన్ని వర్గభేదంగా కొట్టిపారేయలేం.

అయితే ఈ ప్రయోగం కొలిచింది తొలి గడపను మాత్రమే. ఎన్నో కొలువులు ప్రకటన దాకా రావు, తెలిసినవారి సిఫారసుతోనే నిండిపోతాయి. పరిచయాలు బంధుత్వాల వెంట, బంధుత్వాలు కులం వెంట నడిచే సమాజంలో, ఎవరూ ద్వేషంతో వ్యవహరించకపోయినా ఫలితం కులపరంగానే ఉంటుంది. వర్గపు వనరు కులం చేతికి చిక్కేది ఇక్కడే.

నిచ్చెన అడుగున ఈ కలయిక మరింత కరుడుగట్టింది. మురుగు కాల్వలు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రపరిచేవారిలో 38 వేల మంది వివరాలను కేంద్రప్రభుత్వం సేకరించగా, దాదాపు 69 శాతం షెడ్యూల్డు కులాల వారేనని 2024లో వెల్లడైంది. కేవలం పేదరికమే ఈ పనికి కారణమైతే, అన్ని కులాల పేదలూ ఇందులో కనిపించాలి.

కనుక వేతన పెంపు వర్గ సమస్యను తగ్గించగలదు గానీ, ఎవరికి ఏ పని దక్కుతుందన్న ప్రశ్నను తాకదు. 2024 చివర తెలంగాణ చేపట్టిన ఇంటింటి సర్వే కులంతో పాటు విద్య, ఉపాధి వివరాలనూ నమోదు చేసింది. ఏ కులానికి ఎంత జనాభా అన్నదానితో చర్చ ఆగిపోకూడదు. ఒకే డిగ్రీ ఉన్నవారిలో ఏ కులం వారు ఏ హోదాలో స్థిరపడ్డారో తేల్చినప్పుడే, కులమెక్కడ ముగుస్తుందో, వర్గమెక్కడ మొదలవుతుందో తెలుస్తుంది.