ఎప్పుడు రమ్మంటారండీ?



మా సంఘంలో జరిగిన ఒక సంగతి చెబుతాను. ఒక అబ్బాయి తండ్రి అమ్మాయి తండ్రికి ఫోను చేసి, "బావగారూ, ఆదివారం పొద్దున్న వస్తున్నాం" అని పెట్టేశాడు. ఆదివారం పదిన్నరకు రెండు ఆటోల్లో 9 మంది దిగారు. ఇంటికి తాళం. ఇంటిల్లిపాదీ ఆరాధనలో ఉన్నారు. కబురు విని తల్లి ప్రభువు బల్ల తీసుకోకుండానే ఇంటికి పరుగెత్తింది. ఆ సంబంధం కుదరలేదు. వీధంతా చూసింది గనుక, "చూసి వద్దన్నారట" అనే మాట మాత్రం ఆ అమ్మాయికి మిగిలింది.

ఆయన చెడ్డవాడు కాడు. ఆ ఒక్క మాటలోనే రెండు తొందరలున్నాయి. "బావగారూ" అంటే సంబంధం కలిసిపోయినట్టే. పోనీ "అన్నయ్యగారూ" అందామంటే, తండ్రులు అన్నదమ్ములైతే పిల్లలు అన్నాచెల్లెళ్ళవుతారు గదా! కుదిరేదాకా పేరు పక్కన "గారు" చాలు. ఇక "వస్తున్నాం" అన్నమాటకు "వద్దండి" అనే వీలు ఆడపిల్లవారికి ఎక్కడిది?

ముందుగా పాస్టరుగారి ద్వారానో, మధ్యవర్తి ద్వారానో వారికి ఇష్టమేనని తెలుసుకుని, తర్వాత ఇలా అడగవచ్చు:

"వందనాలండి. అయ్యగారు మీ అమ్మాయి సంగతి చెప్పారు. మీకు సమ్మతమైతే ఒకసారి కలుసుకోవాలని ఉంది. నేనూ, మా ఇంటావిడా, అబ్బాయీ, ముగ్గురమే వస్తాం. శనివారం సాయంత్రం 4 గంటలకు గాని, ఆదివారం మధ్యాహ్నం 3 గంటలకు గాని మీకు ఏది వీలు? రెండూ కుదరకపోతే మీరే ఒక రోజు చెప్పండి. మీ ఇంటికి రమ్మన్నా సరే, అయ్యగారింట్లో కలుద్దామన్నా సరే. భోజనాలు పెట్టుకోకండి, టీ చాలు. అమ్మాయిని కూడా అడిగి, గురువారంలోగా అయ్యగారితో చెప్పండి."

మనం వర్జ్యం, రాహుకాలం చూడము గనుక, చూడవలసింది అవతలివారి తీరికే. నాట్లప్పుడు, కోతలప్పుడు కూలి మానుకోలేని ఇళ్ళున్నాయి. ఎంతమంది వస్తారో చెప్పకపోతే, ఆ తల్లి కుర్చీలకు, పాలకు ఇరుగుపొరుగును అడగాలి. అడిగిందంటే ఊరికి తెలిసినట్టే. అయ్యగారి ఇల్లు మంచిదనేది అందుకే. అక్కడికి నలుగురు రావడం ఎవరికీ వింత కాదు. అయితే కొందరు తండ్రులు, "మా గడప తొక్కడానికి నామోషీనా?" అనుకుంటారు. అందుచేత చోటు వారినే ఎంచుకోనివ్వండి.

ఆడపిల్లవారు ఒప్పుకుంటే, "శనివారం 4 గంటలకు, మా ఇంట్లోనే, ముగ్గురూ రండి" అని రోజు, వేళ, చోటు మళ్ళీ పలికి చెప్పాలి. వీలు లేకుంటే, "ఈ వారం కోతలండి, వచ్చే శనివారమైతే బాగుంటుంది" అనాలి. అసలు ఇష్టమే లేకపోతే కోతల వంక చెప్పవద్దు. "అమ్మాయి ఇంకా చదువుకుంటానంటోందండి" అన్నా, అది నిజమైతేనే అనండి. లేదా, "ఇప్పుడు ముందుకు వెళ్ళదలచుకోలేదు, ఏమీ అనుకోవద్దు" అని అయ్యగారితో చెప్పిస్తే చాలు.