అక్కి కాదు, చేత్తో నలిపిన పురుగు

వానలు పడి కంభం చెరువు కింద మళ్లు తడిసే రోజుల్లో మార్కాపురం, గిద్దలూరు వైపు ఎవరి మెడ మీదో కొరడాతో కొట్టినట్టు ఎర్రటి గీత తేలుతుంది. ఒకటే మంట. మర్నాటికి ఆ గీత వెంట నీటిపొక్కులు. చూసినవాళ్లు "అక్కి లేచింది, జాజు రాయించుకో" అంటారు. కాదంటే నిద్రలో సాలీడు ఉచ్చ పోసిందంటారు.

రెండూ తప్పే. ఇది పీడెరస్ అనే పురుగు పని. పొడవు సెంటీమీటరు లోపే. తల, తోక కొస నలుపు, నడుమ నారింజ ఎరుపు, పైన నీలిరంగు పొట్టి రెక్కలు. చూస్తే చీమే అనుకుంటాం. పొద్దుగూకాక ట్యూబులైటుకు వస్తుంది. అది కుట్టదు, కరవదు. మెడ మీద పాకిందని చేత్తో రుద్దేస్తే నలిగి, ఒంట్లోని పీడెరిన్ అనే విషం చర్మానికి అంటుతుంది. చెయ్యి ఎటు లాగితే గీత అటు సాగుతుంది.

మరి పురుగు మీద అనుమానం ఎందుకు రాదు? మంట వెంటనే పుట్టదు కనుక. సోమవారం రాత్రి వరండాలో దులుపుకున్న పురుగుకు గీత మంగళవారం రాత్రో బుధవారం పొద్దున్నో తేలుతుంది. అప్పటికి పురుగు సంగతి ఎవరికి గుర్తుంటుంది?

అసలు అక్కి నరం వెంట, ఒంటికి ఒక పక్కనే వస్తుంది. చాలామందికి పొక్కులకు ముందే రెండు మూడు రోజులు అక్కడ పోటు ఉంటుంది. పురుగు మచ్చకు ముందు నొప్పి ఉండదు. బట్ట కప్పని చోటే ఎక్కువ. మోచేతి మడతలో పడితే, చెయ్యి ముడిచినప్పుడు ఆనే రెండో వైపున కూడా అచ్చు దిగుతుంది. అక్కి ఇలా అచ్చు వెయ్యదు.

జాజుతో తగ్గిందిగా అంటారు. ఏమీ రాయకపోయినా వారం పది రోజుల్లో పురుగు పొక్కులు ఎండి, నల్లమచ్చ మిగిలి తగ్గేదే. పేరు జాజుకు దక్కుతోంది. నష్టం నిజంగా అక్కి వచ్చినవాడికి. దాని మందు మూడు రోజుల్లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది, ఆ మూడు రోజులూ జాజు కింద గడిచిపోతాయి.

ఇంకో పొరపాటూ ఉంది. కంది పూత మీద పగలు కనిపించే నలుపు, నారింజ పట్టీల పెంకుపురుగును కూడా పీడెరస్సే అనుకుంటారు. దాన్ని నలిపినా బొబ్బలే వస్తాయి గానీ అది వేరే జాతి, విషమూ వేరు.

పీడెరస్ వాలితే ఊదెయ్యాలి, లేదా కాగితం మీదికి ఎక్కించి వదలాలి. నలిగిందా, వెంటనే సబ్బుతో కడగాలి. ఆ చేత్తో కన్ను నులిమితే రెప్ప వాస్తుంది, అప్పుడు కంటి డాక్టరు దగ్గరికే వెళ్లాలి. పొక్కులు లేచాక డాక్టరు రాసే స్టెరాయిడ్ పూతమందు, చల్లటి తడిగుడ్డ చాలు. పచ్చిపుండు మీద సున్నం, ఆకుపసరు వద్దు. పురుగు కనబడిందని పొలంలో మందు కొట్టడమూ దండగే. వరిలో సుడిదోమను ఈ పురుగు తింటుంది. మందు కన్నా పడుకునే చోట లైటు ఆర్పి, దోమతెర కట్టుకోవడం చవక.